2024–25 రేటింగ్‌ను పునఃపరిశీలించమని వినతి

నెల్లూరు,
26 మే 2025

మేనేజర్ గారికి,
మానవ వనరుల విభాగం.

అయ్యా,

ఈ ఏడాది మదింపులో నాకు 5కు 2 ఇచ్చారు. దానివల్ల నా ఇంక్రిమెంటు 9 శాతం నుంచి 4 శాతానికి తగ్గింది, పనితీరు బోనస్ పూర్తిగా పోయింది. నిరుడు నా రేటింగ్ 4. ఈ నిర్ణయాన్ని నేను అంగీకరించడం లేదు. అందుకే ఫారం మీద ‘చూశాను’ అని మాత్రమే రాసి సంతకం చేశాను.

ఫారంలో మొదటి కారణంగా ‘అంతర్గత తనిఖీల లక్ష్యం 24, పూర్తయినవి 13’ అని ఉంది. ఆ లక్ష్యం పన్నెండు నెలలకు పెట్టినది. 2024 మే 20 నుంచి నవంబరు 17 వరకు 26 వారాలు నేను ప్రసూతి సెలవులో ఉన్నాను. ఆ సెలవును మీ విభాగమే మంజూరు చేసింది. పనిచేసిన సుమారు ఆరు నెలలకు రావలసినవి 12 తనిఖీలు, నేను చేసినవి 13. ప్రసూతి ప్రయోజనాల చట్టం, 1961లోని 12వ సెక్షన్ ప్రకారం, చట్టబద్ధంగా సెలవులో ఉన్న మహిళ సేవా షరతులను ఆ కాలంలో ఆమెకు నష్టం కలిగేలా మార్చకూడదు. బిడ్డను కన్నందుకు జీతంలో కోత పడినట్టయితే ఆ రక్షణకు అర్థమే ఉండదు. ప్లాంటులో రొయ్యలు ఒలిచే, గ్రేడింగ్ చేసే పనిలో ఉన్నవారిలో ఎక్కువ మంది ఆడవాళ్లే. ఈ లెక్క నిలబడితే రేపు వాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

రెండో కారణం నన్ను ఇంకా బాధించింది. ‘జనవరిలో షిప్‌మెంట్ ఆలస్యానికి బాధ్యురాలు’ అని రాశారు. ఆ రోజు ముత్తుకూరు చెరువుల సరకుతో చేసిన లాటులో మూడు కార్టన్లు విప్పి థర్మామీటరు గుచ్చితే, లోపలి ఉష్ణోగ్రత మైనస్ 14, మైనస్ 15 దగ్గరే ఆగింది. ఉండాల్సింది మైనస్ 18 లేదా అంతకన్నా తక్కువ. నేను హోల్డ్ ట్యాగ్ కట్టి, రిజిస్టరులో సమయం రాసి, షిఫ్ట్ ఇన్‌ఛార్జి సంతకం తీసుకున్నాను. మళ్లీ ఫ్రీజ్ చేసేసరికి చెన్నై హార్బరుకు వెళ్లాల్సిన కంటెయినర్ రెండు రోజులు ఆగింది. ఆ సరకును అలాగే పంపి ఉంటే తప్పు నాది అయ్యేది. ఆపడమే నా ఉద్యోగం. ఫ్రీజర్ కంప్రెసర్‌కు ఆ వారమే మరమ్మతు జరిగిందని మెయింటెనెన్స్ లాగ్‌బుక్‌లో ఉంది. రేటింగ్ ఇచ్చే ముందు ఆ పుస్తకాన్ని ఎవరూ చూడలేదు, నన్నూ అడగలేదు.

నాకు మదింపు రాసిన అధికారి ఫిబ్రవరిలో చేరారు. అంతకుముందు నా పని చూసిన మేనేజరు ఇప్పుడు మన ఒంగోలు యూనిట్‌లోనే ఉన్నారు. ఆయన అభిప్రాయాన్ని రాతపూర్వకంగా తీసుకోండి.

నేను పనిచేసిన కాలానికే లక్ష్యాన్ని లెక్కగట్టి, షిప్‌మెంట్ వ్యాఖ్యను ఫారం నుంచి తొలగించి, రేటింగ్‌ను 4గా సవరించవలసిందిగా కోరుతున్నాను. తగ్గిన ఇంక్రిమెంటును ఏప్రిల్ 1 నుంచి బకాయితో సహా, బోనస్‌ను కూడా చెల్లించాలి. రేటింగ్ ఇచ్చిన అధికారి కాకుండా మరొకరు విచారించాలి. రికార్డులతో నేను ఏ రోజైనా హాజరవుతాను. నిర్ణయం ఏదైనా కారణాలతో సహా జూన్ 10లోగా రాతపూర్వకంగా తెలియజేయండి. జూన్ జీతాల పట్టిక ఖరారయ్యేలోగా ఇది తేలడం అవసరం.

జతపరచినవి: సెలవు మంజూరు ఉత్తర్వు, 13 తనిఖీల నివేదికలు, హోల్డ్ రిజిస్టరు పేజీ నకలు, నిరుటి మదింపు ఫారం.

ఇట్లు,
సీనియర్ ఎగ్జిక్యూటివ్, క్వాలిటీ కంట్రోల్,
నెల్లూరు ప్లాంటు