బత్తాయి రేటు ఎవరు చెప్తే కదుల్తది?

మేడమ్‌కు, సార్లకు, సీనియర్లకు, ఫ్రెండ్స్ అందరికీ నమస్కారం.

ఈ నెల మన బిజినెస్ క్లబ్ మీటింగ్‌లో ‘అదృశ్య హస్తం’ గురించి మాట్లాడమన్నరు. ఎకనామిక్స్ గైడుల్లో ఇది చిన్న ప్రశ్న కిందనే ఉంటది. నల్లగొండలో పుట్టినోళ్లకు మాత్రం ఇది చానా పెద్ద సంగతి.

ఢిల్లీల ఎండలు ముదిరినయనుకుందాం. జ్యూస్ బండ్ల దగ్గర జనం పెరుగుతరు. కాయలు చాలక బండాయన కొంచెం ఎక్కువిచ్చి కొంటడు. ఆజాద్‌పూర్ మండిల రేటు లేస్తది. ఆ కబురు ఫోన్‌ల మన వ్యాపారికి అందుతది. ఆయన తోటల మీదికి వచ్చి టన్నుకు ఇంత కలిపిస్తనంటడు. ఇంకొన్ని రోజులు ఆగుదామనుకున్న రైతు, కత్తెర కాపు కోతకు కూలోళ్లను పిలుస్తడు. హమాలీలు లోడెత్తుతరు, లారీ బయలుదేరుతది. అక్కడ జ్యూస్ తాగేటాయనకు కనగల్ ఏ దిక్కున్నదో తెల్వదు. ఇక్కడి రైతు ఆయన మొఖం జన్మల చూడడు. ఇంతమందిని ఒక పని మీదికి తెచ్చిన ఆఫీసర్ ఎవరు? ఎవరూ లేరు. ఒకరి అవసరం ఇంకొకరి దాకా పోయింది రేటు రూపంలనే.

దీన్నే 1776ల స్కాట్లాండ్‌కు చెందిన ఆడమ్ స్మిత్ ‘ది వెల్త్ ఆఫ్ నేషన్స్’ అనే పుస్తకంల రాసిండు. మనకు రాత్రి భోజనం దొరికేది కసాయి, రొట్టెలు కాల్చేటాయన దయ వల్ల కాదు, వాళ్ల లాభం వాళ్లు చూసుకోబట్టి అంటడు. అంత పెద్ద పుస్తకంల ‘అదృశ్య హస్తం’ అన్న మాట ఒక్కసారే వస్తది. అది కూడా, వ్యాపారి తన పైసలు భద్రంగ ఉండాలని సొంత దేశంలనే పెట్టుబడి పెడితే, ఆయన అనుకోకున్నా దేశానికి మేలైతదని చెప్పేటప్పుడు. స్వార్థం మంచి గుణమని స్మిత్ అనలేదు. ఈ తేడా మనం మర్చిపోవద్దు.

మరి ఈ చెయ్యి ఎప్పుడు పనిచేస్తది? కొనేటోళ్లు నలుగురు ఉండి, ఒకరి మీద ఒకరు పాట పెంచితేనే. ఆ నలుగురు ముందే మాట్లాడుకుని వస్తే? తరుగు పేరుతోని టన్నుకు ఇన్ని కిలోలు కోస్తమని అందరు ఒక్కటే మాట మీద నిలబడితే? అప్పుడు ఢిల్లీల రేటు లేచిన సంగతి రైతు దాకా రాదు, నడుమనే ఆగిపోతది. ఒకే వ్యాపారం చేసేటోళ్లు కలిసినరంటే, చివరికి జనం మీద కుట్రకే దారి తీస్తదని స్మితే అదే పుస్తకంల రాసిండు. మార్కెట్‌ను నమ్మినాయనే ఈ మాట కూడా అన్నడు.

ఇప్పుడు నన్ను బాగా కదిలించే సంగతికి వస్త. అది నీళ్లు.

బత్తాయి చెట్టు కాపుకు రావాలంటే ఏండ్లు పడ్తది. ఎండాకాలం బోరు ఎండితే, రైతు కండ్ల ముందే చెట్టు ఎండుతది. అందుకే ఇంకా లోతుకు బోరు వేస్తడు. ఆయన్ను తప్పు పట్టలేం, మనమున్నా అదే చేస్తం. అది చూసి పక్క రైతు ఇంకా లోతుకు పోతడు. ఎవరి లెక్క వాళ్లకు సరైనదే, కానీ ఊరందరి నీళ్లు కిందికి పోతయి. బత్తాయి కరువైతే రేటు లేచి అందరికీ తెలుస్తది. భూమిల నీళ్లు తగ్గితే ఏ రేటూ లేవదు. బోరు దింపినంక నీళ్లకు ధర లేదు, వ్యవసాయానికి కరెంటు ఫ్రీ. రైతుకు ఆ కరెంటు కావాలె, నేను దాన్ని తీసేయమంటలేను. ధర లేని కాడ ఈ చెయ్యి కూడా ఉండదు అంటున్న.

ఇంకోటి కూడా జరిగింది మన జిల్లాల. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగినోళ్లను మీరు చూసే ఉంటరు. అక్కడ మార్కెట్ రాలేదా అంటే వచ్చింది, ఫిల్టర్ నీళ్ల క్యాన్ల రూపంల. పైసలున్నోళ్లు కొనుక్కున్నరు, లేనోళ్లు అవే నీళ్లు తాగిండ్రు. దాహం ఇద్దరిదీ ఒక్కటే అయినా, మార్కెట్‌కు కనపడేది జేబుల పైసలే. అందరి ఇండ్లకు కృష్ణా నీళ్లు రావాలంటే జనం కొట్లాడాల్సి వచ్చింది, సర్కారు పైపులు వేయాల్సి వచ్చింది.

అందుకే ‘మార్కెట్ మంచిదా, చెడ్డదా’ అనే డిబేట్ మన క్లబ్‌కు వద్దని నా అభిప్రాయం. ఒక్కొక్క వస్తువు తీసుకుని అడుగుదాం: దీనికి ధర ఉన్నదా? ఆ ధర నిజం చెప్తున్నదా? కొనలేనోళ్లు ఏం చేయాలె?

వచ్చే శనివారం పొద్దుగాల మనం బత్తాయి మార్కెట్‌కు పోతున్నం. పాట ఎట్ల జరుగుతున్నదో, కొనేటోళ్లు ఎంతమందున్నరో, తరుగు ఎంత తీస్తున్నరో రాసుకుందాం. వచ్చేటోళ్లు మీటింగ్ అయినంక నాకు పేర్లు ఇయ్యిండ్రి.

ఇగ మీ ప్రశ్నలు అడగండి.