మెడికల్ ఐసీయూ ఇన్‌ఫెక్షన్ నిఘా లైన్ లిస్ట్: 2025 అక్టోబరు, అనంతపురం

పంపేది: ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు
అందుకునేది: ఆసుపత్రి ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ కమిటీ సభ్యులు
యూనిట్: మెడికల్ ఐసీయూ, 12 పడకలు
కాలం: 01-10-2025 నుంచి 31-10-2025 వరకు
ఫలితాల గడి చివరిసారి సరిచూసిన తేదీ: 31-10-2025

ఈ లిస్ట్‌ను నర్సుల నోట్స్, డాక్టర్ల ప్రోగ్రెస్ షీట్, ల్యాబ్ కల్చర్ రిజిస్టర్, పరికరాల రోజువారీ లెక్క, ఈ నాలుగూ పక్కన పెట్టుకుని తయారుచేశాను. పేర్లు, ఐపీ నంబర్లు ఇందులో లేవు. కోడ్‌కు ఎదురుగా అసలు నంబరు ఉన్న రిజిస్టర్ నా దగ్గర తాళంలో ఉంది. అక్టోబరు అంటే మన వైపు వేరుశనగ పీకే రోజులు. పాము కాటు కేసులు, పురుగుమందు తాగిన కేసులు వెంటిలేటర్ మీదికి వస్తూనే ఉంటాయి. ఈ నెల లిస్ట్‌లో చిన్న వయసు రోగులు ఎందుకున్నారని కమిటీలో ఎవరైనా అడిగితే జవాబు అదే.

లెక్కలోకి తీసుకున్న పద్ధతి

చేరిన రోజు 1వ రోజు. ఘటన 3వ రోజున గానీ ఆ తరువాత గానీ జరిగితేనే మన ఆసుపత్రి ఇన్‌ఫెక్షన్. అంతకు ముందుదైతే రోగితో పాటు వచ్చిందని అర్థం. పరికరానికి అంటగట్టాలంటే అది రెండు క్యాలెండర్ రోజులకు మించి ఉండాలి, ఘటన రోజున గానీ దాని ముందు రోజున గానీ ఒంట్లో ఉండాలి. శాంపిల్ గానీ ఎక్స్‌రే గానీ తీసిన రోజుకు మూడు రోజులు వెనక్కీ మూడు రోజులు ముందుకీ చూసి, ఆ ఏడు రోజుల్లో నిర్వచనానికి పనికొచ్చే మొదటి లక్షణం ఏ రోజు కనిపిస్తే అదే ఘటన తేదీ. అందుకే కింద కొన్ని వరుసల్లో ఘటన తేదీ, శాంపిల్ తేదీ వేర్వేరుగా ఉంటాయి. ల్యాబ్ రిపోర్టు చేతికొచ్చిన తేదీని ఎక్కడా వాడలేదు.

జ్వరం అంటే 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి చార్టులో రాసి ఉండాలి. "జ్వరం ప్లస్", "ఒళ్లు వెచ్చగా ఉంది" అన్న మాటలను జ్వరంగా తీసుకోలేదు. రాత్రి షిఫ్టు నోట్స్‌లో ఈ మాటలు బాగా ఎక్కువ.

ప్రధాన లిస్ట్: లెక్కలోకి వచ్చినవి

| కోడ్ | వయసు, పడక | చేరిన తేదీ, కారణం | పరికరం (పెట్టింది – తీసింది) | ఘటన తేదీ, పరికరం రోజు | శాంపిల్, తేదీ | సూక్ష్మజీవి | రకం | ఫలితం |
|---|---|---|---|---|---|---|---|---|
| ఎం-01 | 34 పు, పడక 4 | 02-10, పురుగుమందు విషం | వెంటిలేటర్ (02-10 – 21-10), ట్రకియాస్టమీ 12-10 | 07-10, 6వ రోజు | గొట్టం స్రావం, 08-10 | అసినెటోబాక్టర్ బౌమన్నీ, మెరోపెనెంకు లొంగనిది | వెంటిలేటర్ న్యుమోనియా | 24-10న వార్డుకు మార్చారు |
| ఎం-02 | 58 స్త్రీ, పడక 7 | 05-10, పక్షవాతం | ఫోలీ క్యాథెటర్ (05-10 – 17-10), 12-10న మార్చారు | 10-10, 6వ రోజు | మూత్రం, 11-10 | ఇ. కోలై, ఈఎస్‌బీఎల్, మిల్లీలీటరుకు లక్షకు పైన | క్యాథెటర్ మూత్ర ఇన్‌ఫెక్షన్ | 19-10న డిశ్చార్జ్ |
| ఎం-03 | 66 పు, పడక 5 | 06-10, సీఓపీడీ తీవ్రం | వెంటిలేటర్ (06-10 – 18-10) | 13-10, 8వ రోజు | గొట్టం స్రావం, 13-10 | అసినెటోబాక్టర్ బౌమన్నీ, ఎం-01 లాంటి యాంటీబయాటిక్ నమూనా | వెంటిలేటర్ న్యుమోనియా | 18-10న మరణం |
| ఎం-04 | 45 స్త్రీ, పడక 9 | 09-10, మూత్రపిండాల వైఫల్యం | తొడ డయాలిసిస్ క్యాథెటర్ (09-10 – 17-10) | 16-10, 8వ రోజు | రక్తం, 16-10 | క్లెబ్సియెల్లా న్యుమోనియే, మెరోపెనెంకు లొంగనిది | సెంట్రల్ లైన్ రక్త ఇన్‌ఫెక్షన్ | 29-10న కిడ్నీ వార్డుకు మార్చారు |
| ఎం-05 | 27 పు, పడక 6 | 12-10, పాము కాటు, ఊపిరి కండరాలు పడిపోయాయి | వెంటిలేటర్ (12-10 – 25-10) | 18-10, 7వ రోజు | గొట్టం స్రావం, 19-10 | అసినెటోబాక్టర్ బౌమన్నీ, ఎం-01 లాంటి నమూనా | వెంటిలేటర్ న్యుమోనియా | 31-10న డిశ్చార్జ్ |
| ఎం-06 | 71 స్త్రీ, పడక 2 | 14-10, షుగరు కీటోఅసిడోసిస్ | మెడ సెంట్రల్ లైన్ (14-10 – 23-10) | 21-10, 8వ రోజు | రక్తం, రెండు చోట్ల, 22-10 | స్టాఫ్ ఎపిడర్మిడిస్, రెండింటిలోనూ | సెంట్రల్ లైన్ రక్త ఇన్‌ఫెక్షన్ | జ్వరం తగ్గింది, ఐసీయూలోనే ఉన్నారు |
| ఎం-07 | 52 పు, పడక 11 | 19-10, కాలేయ వ్యాధి, స్పృహ మందగింపు | ఫోలీ క్యాథెటర్ (19-10 – 26-10) | 27-10, తీసిన మర్నాడు | మూత్రం, 27-10 | ఎంటెరోకోకస్ ఫీకాలిస్, లక్షకు పైన | క్యాథెటర్ మూత్ర ఇన్‌ఫెక్షన్ | 30-10న డిశ్చార్జ్ |

వార్డు నోట్స్ నుంచి గడిలోకి ఎలా వచ్చాయి

ఎం-02 నోట్స్‌లో ఉన్నది ఇదీ: "10-10 రాత్రి 10కి టెంపరేచర్ 101.2, చల్లనీళ్లతో తుడిచాం, డ్యూటీ డాక్టరు గారికి చెప్పాం. 11-10 ఉదయం యూరిన్ కల్చర్ పంపాం. 12-10 క్యాథ్ చేంజ్ చేశాం." శాంపిల్ 11న పోయినా, పనికొచ్చే జ్వరం 10నే ఉంది. కాబట్టి ఘటన 10-10. "క్యాథ్ చేంజ్" దగ్గర జాగ్రత్త అవసరం. ఒకటి తీసి అదే రోజు మరొకటి పెడితే రోజుల లెక్క మొదటికి రాదు. పూర్తిగా ఒక క్యాలెండర్ రోజు క్యాథెటర్ లేకుండా గడిస్తేనే మళ్లీ 1 నుంచి మొదలవుతుంది.

ఎం-07 మీద వార్డులో వాదన జరిగింది. "క్యాథెటర్ తీసేశాక జ్వరం వస్తే అది దాని ఖాతాలో ఎందుకు వేస్తారు మేడం?" అని సిస్టర్లు అడిగారు. 26 ఉదయం తీశారు, 27న 101 డిగ్రీలు, అదే రోజు మూత్రం పంపారు. ముందు రోజు క్యాథెటర్ ఉంది కాబట్టి లెక్కలోకి వస్తుంది. 28న జ్వరం వచ్చి, 28నే శాంపిల్ పోయి ఉంటే వచ్చేది కాదు.

ఎం-03కు సీఓపీడీ ఉంది. ఊపిరితిత్తుల జబ్బు ముందే ఉన్నవాళ్లలో ఒక్క ఎక్స్‌రే చాలదు, కొత్త మచ్చ నిలబడిందని రెండో ఎక్స్‌రేలో కనిపించాలి. 13, 14 తేదీల ఫిల్ములు రెండూ ఉన్నాయి, రేడియాలజీ రిపోర్టు రెండింటిలోనూ ఒకే మాట రాసింది. మిగతా రెండు న్యుమోనియాల్లో ఒక్క ఫిల్ముతో సరిపోయింది. మూడు శాంపిళ్లలోనూ మిల్లీలీటరుకు లక్షకు తగ్గకుండా పెరిగింది.

ఎం-04కు మూత్రం, కఫం రెండూ శుభ్రంగా వచ్చాయి, పుండ్లు లేవు. రక్తంలోని క్లెబ్సియెల్లా మరో చోటి నుంచి రాలేదని తేల్చుకున్నాకే సెంట్రల్ లైన్ ఖాతాలో వేశాను. తొడ దగ్గర పెట్టిన డయాలిసిస్ క్యాథెటర్ సెంట్రల్ లైనేనా అని డయాలిసిస్ టెక్నీషియన్ అడిగారు. తొడలో పెద్ద సిర కూడా ఆ జాబితాలో ఉంది, అవుతుంది.

ఎం-06లో ఉన్నది చర్మం మీద మామూలుగా ఉండే క్రిమి. ఒక్క సీసాలోనే వచ్చి ఉంటే కలుషితమని పక్కన పెట్టేదాన్ని. లైను నుంచీ చేతి సిర నుంచీ విడివిడిగా తీసిన రెండింటిలోనూ అదే పెరిగింది, 21 సాయంత్రం 100.9 డిగ్రీలు చార్టులో ఉంది.

లెక్కలోకి రానివి

| కోడ్ | తేదీ | కల్చర్‌లో వచ్చింది | ఎందుకు తీసుకోలేదు |
|---|---|---|---|
| బి-01 | చేరింది 08-10, మూత్రం 09-10 | ఇ. కోలై | బళ్లారిలో రెండు రోజులు చికిత్స పొంది ఫోలీతోనే వచ్చారు. మన దగ్గర 2వ రోజు, వెంట వచ్చిన ఇన్‌ఫెక్షన్ |
| బి-02 | మూత్రం 20-10 | కాండిడా ఒక్కటే | మూత్ర ఇన్‌ఫెక్షన్ నిర్వచనంలో కాండిడా లెక్కకు రాదు |
| బి-03 | రక్తం 23-10 | కోయాగ్యులేజ్ నెగెటివ్ స్టాఫ్, ఒక్క సీసా | రెండో శాంపిల్ తీయలేదు, కలుషితంగా భావించాం |
| బి-04 | గొట్టం స్రావం 26-10 | క్లెబ్సియెల్లా | జ్వరం లేదు, తెల్ల కణాలు పెరగలేదు, ఎక్స్‌రే మారలేదు. అక్కడ నివాసముండే క్రిమిగా గుర్తించాం |

బి-03 విషయంలో నాకు అసంతృప్తి ఉంది. రోగికి ఆ రోజు చలి వణుకు వచ్చినట్టు నోట్స్‌లో ఉంది. రెండో సీసా పంపి ఉంటే ఇటో అటో తేలిపోయేది. నిర్వచనం ప్రకారం దాన్ని పక్కన పెట్టాను గానీ, రోగికి ఇన్‌ఫెక్షన్ లేదని దీని అర్థం కాదు. నిఘా లెక్క వేరు, చికిత్స నిర్ణయం వేరు. బి-02కు మందు ఇవ్వాలా వద్దా అన్నది కూడా డాక్టరు గారి విచక్షణే.

పరికర రోజులు, రేట్లు

| పరికరం | ఘటనలు | పరికర రోజులు | 1000 పరికర రోజులకు | వాడకం నిష్పత్తి |
|---|---|---|---|---|
| వెంటిలేటర్ | 3 | 148 | 20.3 | 0.47 |
| మూత్ర క్యాథెటర్ | 2 | 236 | 8.5 | 0.74 |
| సెంట్రల్ లైన్ | 2 | 121 | 16.5 | 0.38 |

రోగి రోజులు మొత్తం 318. లెక్క రోజూ ఉదయం 9 గంటలకు తీశాం. 20-10 దీపావళి నాడు లెక్క తీయలేదు. ఆ రోజు అంకెలను నర్సుల నోట్స్ చూసి మర్నాడు నింపాం. 12 పడకల యూనిట్‌లో ఒక్క కేసు పెరిగినా తగ్గినా రేటు చాలా మారిపోతుంది. కాబట్టి ఈ నెల అంకెను గత నెల అంకెతో పోల్చి మంచో చెడో తేల్చేయొద్దని మనవి. మూడు నెలలవి కలిపి చూద్దాం. మూత్ర క్యాథెటర్ వాడకం 0.74 అన్నది మాత్రం ఇప్పుడే ఆలోచించాల్సిన అంకె. ఎం-02కు 17 దాకా క్యాథెటర్ ఎందుకు అవసరమైందో నోట్స్‌లో ఎక్కడా కారణం లేదు.

పడక 4, 5, 6

లిస్ట్‌లో ఇది అందరూ చూడాల్సిన చోటు. ఎం-01, ఎం-03, ఎం-05 పక్కపక్క పడకలు. ఘటన తేదీలు 07, 13, 18. ఒకే క్రిమి, యాంటీబయాటిక్ నమూనా ఒకటే. కేసు వెనక కేసు ఆరు రోజులకు, అయిదు రోజులకు పడింది. ఎం-01 ట్రకియాస్టమీతో 24 వరకు పడక 4లోనే ఉన్నారు. అంటే మిగతా ఇద్దరికీ జబ్బు పడ్డప్పుడు ఆయన పక్కనే ఉన్నారు.

20-10న ఆ మూడు పడకల చుట్టూ శాంపిళ్లు తీశాం. పడక 5 సక్షన్ రెగ్యులేటర్ తిప్పే మీట మీద అసినెటోబాక్టర్ పెరిగింది. అంతమాత్రాన అక్కడి నుంచే పాకిందని రాయడానికి వీల్లేదు. యాంటీబయాటిక్ నమూనా కలవడం ఒకే స్ట్రెయిన్ అనడానికి రుజువు కాదు, అది జన్యు పరీక్షలోనే తేలుతుంది. మీట మీదికి రోగి నుంచి వచ్చిందా, మీట నుంచి రోగికి పోయిందా అన్నదీ ఈ కల్చర్ చెప్పదు. నోట్స్‌లో మూడింటికీ సామాన్యంగా కనిపించేది ఒకటుంది: 05-10 నుంచి 17-10 మధ్య రాత్రి షిఫ్టుల్లో చాలా రోజులు ఈ మూడు పడకలనూ ఒక్క నర్సే చూశారు. ఇది ఆ సిస్టర్ మీద ఫిర్యాదు కాదు. ముగ్గురు వెంటిలేటర్ రోగులను ఒక్కరికి అప్పజెప్పిన డ్యూటీ చార్టు గురించి అడగాల్సిన ప్రశ్న.

21-10 నుంచి మూడు పడకల దగ్గర విడి గౌన్లు, గ్లౌజులు పెట్టించాం, సక్షన్ మీటలను షిఫ్టుకోసారి తుడిపిస్తున్నాం. ఆ తరువాత 31-10 వరకు అక్కడ నాలుగో కేసు రాలేదు.

ఫలితం గడి గురించి

"మరణం" అని రాసిన చోట అది ఇన్‌ఫెక్షన్ వల్లే అని చదవొద్దు. ఎం-03 తీవ్రమైన సీఓపీడీతో చేరారు. మరణానికి కారణాన్ని మరణ సమీక్షలో డాక్టర్లు తేలుస్తారు. ఇక్కడ తేదీ వరకే.

ఇంకా పూర్తి కానివి

ఎం-06 ఫలితం డిశ్చార్జ్ రోజున మారుస్తాను. మూడు అసినెటోబాక్టర్ ఐసొలేట్లను, మీట మీది ఐసొలేట్‌ను ల్యాబ్‌లో గడ్డకట్టించి ఉంచమని మైక్రోబయాలజీ మేడం గారిని కోరాను, ఉంచారు. వాటిని స్ట్రెయిన్ పరీక్షకు బయటికి పంపాలా అన్నది కమిటీ నవంబరు సమావేశంలో నిర్ణయించాలి. పంపాలంటే ఖర్చుకు సూపరింటెండెంట్ గారి సంతకం కావాలి.