అల్సరేటివ్ కొలైటిస్: జబ్బు తిరగబెట్టినప్పుడు, అదుపులో ఉన్నప్పుడు మీ భోజనం

ఈ కాగితం మీ కోసం రాసింది. మీ బరువు 52 కిలోలు, గత రెండు నెలల్లో 5 కిలోలు తగ్గారు, హిమోగ్లోబిన్ 9.4. మెసలమైన్, ప్రెడ్నిసొలోన్ వాడుతున్నారు. ఏదైనా తింటే విరేచనమవుతుందని భయపడి రెండు పూటలా మజ్జిగన్నంతోనే సరిపెడుతున్నానని చెప్పారు. మొదట మార్చాల్సింది అదే. పెద్దపేగు లోపలి పొర పుండు పడి రక్తం, ప్రోటీన్ పోతున్న సమయంలో శరీరానికి తిండి ఎక్కువ కావాలి. మీరు తిన్న ఏ ఒక్క పదార్థమూ ఈ జబ్బు తెప్పించలేదు. తిండితోనే ఇది నయమూ కాదు. మందులు వాటి పని చేస్తాయి, మీకు బలం ఇచ్చేది భోజనం.

ఇప్పుడు, విరేచనాలు, రక్తం ఉన్నన్ని రోజులు

పీచు తక్కువ, ప్రోటీన్ ఎక్కువ. మూడు పెద్ద భోజనాలకు బదులు ఐదారు సార్లు కొంచెం కొంచెంగా తినండి. మీకు రోజుకు 62 నుంచి 78 గ్రాముల ప్రోటీన్ కావాలి. ఒక రోజు ఇలా ఉండొచ్చు:

ఉదయం మూడు ఇడ్లీలు, ఒక ఉడికించిన గుడ్డు. కొబ్బరి చట్నీ, కారప్పొడి వద్దు, పల్చటి పెసరపప్పు సాంబారు చాలు. పదకొండింటికి అరటిపండు లేదా సగ్గుబియ్యం జావ. మధ్యాహ్నం మెత్తగా వండిన తెల్లన్నం, పెసరకట్టు, చెక్కు, గింజలు తీసిన సొరకాయ లేదా బీరకాయ కూర, అరచేతి మందం చేప ముక్క, పులుపు, కారం తగ్గించి. సాయంత్రం పెరుగు, లేదా ఇంకో గుడ్డు. రాత్రి మెత్తటి పెసరపప్పు పొంగలి, క్యారెట్ ఉడికించి మెదిపినది. చేప దొరకని రోజు చికెన్ లేదా పనీర్. పోపులో మిరియాలు, ఎండుమిర్చి, శనగపప్పు వేయకండి. జీలకర్ర, ఇంగువ చాలు.

పాలు తాగితే కడుపుబ్బరం వస్తుంటే కొన్నాళ్లు ఆపండి. పెరుగు, మజ్జిగ చాలామందికి పడతాయి, మీకు పడుతున్నాయి కనుక కొనసాగించండి.

ఆవకాయ, గోంగూర, పచ్చి సలాడ్, ములక్కాడ, మొక్కజొన్న, శనగలు, అలసందలు, వేరుశెనగలు, నువ్వులు, నూనెలో వేయించినవి, కాఫీ, కూల్‌డ్రింకులు, మద్యం ప్రస్తుతానికి పక్కన పెట్టండి. షుగర్‌ఫ్రీ చాక్లెట్లు, చూయింగ్ గమ్ కూడా. వాటిలోని సార్బిటాల్ విరేచనాలను పెంచుతుంది.

నీళ్లు తగ్గించకండి. విరేచనాలు ఎక్కువైన రోజు ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ ఒకటి లీటరు నీళ్లలో కలిపి 24 గంటల్లోగా తాగండి. కొబ్బరినీళ్లు మంచివే, కానీ వాటిలో సోడియం తక్కువ, ఓఆర్ఎస్‌కు బదులు కావు.

ప్రెడ్నిసొలోన్ వాడుతున్నంత కాలం ఆకలి పెరుగుతుంది, రక్తంలో షుగర్ పెరగొచ్చు, ఎముకలు పల్చబడొచ్చు. స్వీట్లు తగ్గించండి, డాక్టరు రాసిన కాల్షియం, విటమిన్ డి మానకండి. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర ఒకేసారి వేసుకోవద్దు, రెండు గంటల తేడా ఉంచండి. ఐరన్ మాత్ర కడుపుకి పడకపోతే చెప్పండి, రక్తనాళంలోకి ఎక్కించే దారి ఉంది.

ఒంటి నొప్పులకు ఇబుప్రొఫెన్, డైక్లోఫినాక్ సొంతంగా వేసుకోకండి. త్రిఫల చూర్ణం, కలబంద రసం విరేచనాలను పెంచుతాయి. ఇంట్లోవాళ్లు ప్రేమతో తెచ్చినా సరే, ముందు మాకు చూపించండి.

జబ్బు అదుపులోకి వచ్చాక

పథ్యం అలవాటైపోయి ఏళ్ల తరబడి తెల్లన్నం, పెరుగుతోనే గడిపేవాళ్లను నేను తరచూ చూస్తాను. అలా చేయొద్దు. మీకు పేగులో ఇరుకు లేదని కొలనోస్కోపీలో తేలింది కాబట్టి పీచు మళ్లీ తినాలి, పెద్దపేగు గోడను పోషించే మేలైన బ్యాక్టీరియాకు అదే ఆహారం. రక్తం ఆగి, విరేచనాలు మీ మామూలు లెక్కకు వచ్చాక మొదలుపెట్టండి.

మూడు రోజులకు ఒక కొత్త పదార్థం, కొంచెం పరిమాణంలో. మొదట పాలకూర పప్పు, కందిపప్పు, బొప్పాయి. తర్వాత పల్చటి రాగిజావ, జొన్నరొట్టె, వంకాయ, చిక్కుడు. పచ్చి కూరలు, శనగలు, అలసందల్లాంటి గింజలు చివర్లో. ఏది పడలేదో తేదీతో నోటుపుస్తకంలో రాయండి. ఒక్కసారి పడలేదని జీవితాంతం మానేయకండి, రెండు వారాలు ఆగి మళ్లీ చూడండి. గోంగూర కూడా ఇలాగే మీ కంచంలోకి తిరిగి రావొచ్చు. చేపలు వారానికి రెండుసార్లు. మేకమాంసం, ప్యాకెట్ చిప్స్, నూడిల్స్, సాసేజ్‌లు అరుదుగా.

పెళ్లి భోజనంలో పప్పు, అన్నం, పెరుగు, కారంలేని కూర తీసుకోండి, ఎవరికీ సంజాయిషీ అక్కర్లేదు. ఉపవాసాలు ఇప్పుడు వద్దు. అదుపులో ఉన్నప్పుడు కూడా పాలు, పండ్లు తీసుకునే రకమే చేయండి.

బాగున్నారని మెసలమైన్ ఆపకండి. జబ్బు తిరగబెట్టడానికి ముఖ్య కారణాల్లో అదొకటి.

ఆగకుండా ఆసుపత్రికి రండి

రోజుకు ఆరు, అంతకుమించి రక్త విరేచనాలు, జ్వరం, కడుపు ఉబ్బి గట్టిపడటం, గుండె దడ, కళ్లు తిరగడం, నీళ్లు కూడా నిలవకపోవడం. ఇంట్లో జావలతో సర్దుకునే పరిస్థితి కాదది.

రెండు వారాల తర్వాత వచ్చేటప్పుడు నోటుపుస్తకం, మందుల చీటీలన్నీ తీసుకురండి. బరువు ఈలోగా ఇంకో కిలో తగ్గితే ఆ తేదీ దాకా ఆగకుండా ఫోన్ చేయండి, పోషకాహారం పొడి సంగతి అప్పుడే మాట్లాడదాం.