ఉప్పునీటి బ్యాచ్ ఒప్పందం: ఐదుగురం, ఐదు ఊళ్లు, ఒకటే మీటరు

మన కాలేజీ ప్రాజెక్టు కోసం శనివారం రాత్రి కాల్‌లో రెండు గంటలు కొట్టుకుని ఒప్పుకున్న మాటలివి. రాసింది పాలకొల్లు, కాబట్టి ఎటకారం ఎక్కడైనా తగిలితే అది నాది, రూల్స్ మాత్రం అందరివీ. గ్రూపులో ఎలాగూ ఊరి పేర్లతోనే పిలుచుకుంటున్నాం కాబట్టి ఇక్కడా అంతే: రాజోలు, అమలాపురం, నరసాపురం, పాలకొల్లు, ఇంటర్న్‌షిప్ కోసం హైదరాబాద్‌లో ఉన్న రావులపాలెం.

ఏం చేస్తున్నాం, ఏం చెయ్యట్లేదు

వశిష్ఠ గోదావరికి రెండు పక్కలా 24 చోట్ల నీటి ఉప్పదనం కొలుస్తున్నాం. అందులో 18 బావులూ బోర్లూ, 6 కాలువ రేవులు. మొదటి విడత కాలువల్లో నీళ్లు పారుతుండగా, రెండోది దాళ్వా అయిపోయి కాలువలు కట్టేశాక. రెండో విడతలో కాలువల దగ్గర కొలవడానికి ఏమీ ఉండదు, ఆ 18 చోట్లే. ఈ రెండింటికీ మధ్య బావుల్లో తేడా ఎంత వచ్చింది, అదొక్కటే మన ప్రశ్న. రొయ్యల చెరువుల వల్లే ఉప్పెక్కిందని తేల్చడం మన పని కాదు, 24 చోట్ల రీడింగులతో అది తేలదు కూడా. ఎవరికైనా ఆ ఆవేశం వస్తే రిపోర్టులో కాదు, టీ కొట్టు దగ్గర.

మొదటి విడత ఎట్టి పరిస్థితుల్లో మార్చి 15 లోపు అయిపోవాలి. అది జారిపోతే మళ్లీ సార్వాకి నీళ్లు వదిలేదాకా ఆగాలి, అప్పటికి మన సెమిస్టరే ఉండదు.

ఎవరి పని ఏది

తూర్పు గట్టు రాజోలు, అమలాపురం చూస్తారు. పడమర గట్టు నరసాపురం, నేను. షీటూ గ్రాఫులూ రావులపాలెం. రిపోర్టు రాత మాత్రం ఐదుగురిదీ, తలా ఒక చాప్టరు, ఎందుకంటే మినీ ప్రాజెక్టులో ఒక్కళ్లే రాత్రంతా కూర్చుని రాస్తే మిగతావాళ్లం పొద్దున్న పేర్లు మాత్రం పెట్టుకున్నాం, ఆ ఒక్కళ్లు ఎవరో అందరికీ తెలుసు, ఇప్పటికీ అంటూనే ఉంటుంది.

నరసాపురం వాళ్లకి సొంత చెరువులున్నాయి. ఆ చుట్టుపక్కల మూడు పాయింట్లు నేను కొలుస్తాను. వాడి మీద అనుమానమై కాదు, రేపు వైవాలో ఎవరైనా అడిగితే సమాధానం ఉండాలి.

మీటరు

అందరం చందా వేసుకుని కొన్నది ఒక్కటే. వారం తూర్పున, వారం పడమరన. చేతికి చేతే ఇవ్వాలి, బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపడం లేదు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే నరసాపురం, లేదంటే చించినాడ వంతెన మీదుగా రండి. ఇచ్చేటప్పుడు ఇద్దరూ కలిసి మీటరుని 1413 మైక్రోసీమెన్స్ ద్రావణంలో ముంచి చూడాలి. 25 డిగ్రీల దగ్గర 1385 నుంచి 1441 లోపు చూపిస్తే సరే, దాటితే కాలిబ్రేట్ చేశాకే పని. ఆ ఫొటో గ్రూపులో పడ్డాకే మీటరు చేతులు మారినట్టు లెక్క. పడేస్తే బాధ్యత ఎవరిదంటే ఐదుగురిదీ, కానీ జేబులో పెట్టుకుని బండి మీద వెళ్తూ పడేస్తే సగం వాళ్లది.

నీటిలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చెప్పే ఈసీ మాత్రమే రాయాలి, మైక్రోసీమెన్స్‌లో. టీడీఎస్ బటన్ ముట్టుకోవద్దు. మీటరు టీడీఎస్‌ని విడిగా కొలవదు, ఈసీనే ఏదో ఒక గుణకంతో గుణించి చూపిస్తుంది. ఒక కంపెనీ మీటరు 0.5 పెట్టుకుంటుంది, ఇంకోటి 0.7. పోయిన వారం రాజోలుకీ నాకూ జరిగిన గొడవ మొత్తం ఇదే, ఒకే బావికి రెండు మీటర్లలో రెండు అంకెలు. కావాలంటే చివర్లో ఒకే గుణకంతో అందరికీ మార్చుకుందాం. సీసాని అదే నీటితో మూడుసార్లు తొలవాలి, టైమూ నీటి వేడీ రాయాలి, సముద్రానికి దగ్గరున్న కాలువ రేవుల్లో పోటా పాటా అన్నది కూడా.

పచ్చి అంకెలు `readings_raw` షీటులోకే పోతాయి, అందులో ఎవరూ దేన్నీ చెరపకూడదు. తప్పనిపిస్తే పక్క గడిలో ఎందుకో రాయండి. లెక్కలన్నీ `readings_work` లో. `final_final2` లాంటి పేరు కనపడితే పెట్టినవాళ్లు అందరికీ పూతరేకులు కొనాలి.

మాట్లాడుకోవడం

మంగళ, శనివారాలు రాత్రి 8:30 కి కాల్, 40 నిమిషాలు. ఆదివారం మధ్యాహ్నం వద్దని ఐదుగురూ ఒక్క మాట మీద ఉన్నారు, కారణం చెప్పక్కర్లేదు. కరెంటు పోయినా, సిగ్నల్ లేకపోయినా, ఇంట్లో కోతలున్నా, చెరువులో రొయ్య తేలినా రాకపోతే పర్లేదు, కానీ కాల్‌కి ముందు ఒక లైను పెట్టాలి. చెప్పకుండా రెండు కాల్స్ ఎగ్గొడితే రావులపాలెం ఫోన్ చేస్తుంది, తిట్టడానికి కాదు, ఏమైందో కనుక్కోడానికి. మూడోది కూడా ఎగ్గొడితే ఆ పని ఇంకొకరికి వెళ్తుంది, ఆ సంగతి సార్‌కి మనమందరం కలిసి చెప్తాం, ఒకళ్లు విడిగా వెళ్లి చెప్పకూడదు. మెసేజ్‌కి మర్నాడు రాత్రి లోపు జవాబు. మన గ్రూపులో ఒరేయ్, ఒసేయ్ ఏమైనా అనుకోండి, సార్ ఉన్న గ్రూపులో మాత్రం మీమ్స్ లేవు.

నిర్ణయాలు

అసలు గొడవ ఇక్కడే. మనం గోదారోళ్లం, ఎవరేం చెప్పినా ముందు ‘ఆయ్’ అనేస్తాం, తర్వాత మనకి నచ్చింది చేసుకుంటాం. పాయింట్ల లిస్టు అలాగే మూడుసార్లు మారింది. అందుకని ఈ గ్రూపులో ‘ఆయ్’ అంటే విన్నాను అని మాత్రమే. ఒప్పుకుంటే ‘ఒప్పుకున్నాను’ అని పూర్తిగా టైప్ చెయ్యాలి. బొటనవేలు బొమ్మ కూడా ‘ఆయ్’ కిందే లెక్క.

ఎవరి పని తీరు వాళ్లిష్టం: ఏ రోజు వెళ్లాలి, గ్రాఫు ఏ రంగు, ఇవి అడక్కండి, చెప్తే చాలు. ఇద్దరి పనికి తగిలేదైతే గ్రూపులో పెట్టి ఒక రోజు ఆగండి, ఎవరూ కాదనకపోతే చేసెయ్యండి. కానీ మూడింటికి మౌనం ఒప్పుదల కాదు: 300 రూపాయలు దాటిన ఖర్చు, పాయింటు మార్చడం, ఒక రీడింగుని లెక్కలోంచి తీసెయ్యడం. వీటికి కాల్‌లో కనీసం నలుగురుండాలి, ముందు ఒప్పించుకోవడానికి చూడాలి, పావుగంటలో తేలకపోతే ఓటు, మూడు పడితే అయిపోయినట్టే. రీడింగు తీసెయ్యడంలో ఇంకో మెలిక ఉంది, కొలిచిన మనిషి లేకుండా ఓటు పెట్టకూడదు. ఓడిపోయినవాళ్లు తమ అభ్యంతరాన్ని నిర్ణయాల షీటులో రెండు లైన్లు రాసుకోవచ్చు. కొత్త సంగతి తెలిస్తే తప్ప తేలినదాన్ని మళ్లీ తవ్వొద్దు. ప్రాజెక్టు పరిధి మారాలంటే మాత్రం సార్ మాటే.

బావి వాళ్లతో

అడిగి నీళ్లు తీసుకోండి. రిపోర్టులో ఇంటి పేర్లుండవు, బావి నంబర్లే. అంకె అడిగితే చెప్పండి, ‘తాగొచ్చా అమ్మా’ అని అడిగితే మాత్రం మనం సలహా ఇవ్వకూడదు. మన మీటరుకి ఉప్పు తెలుస్తుంది గానీ క్రిములు తెలియవు. గ్రామీణ నీటి సరఫరా వాళ్ల ల్యాబులో చూపించుకోమని చెప్పండి.

ఇందులో ఏదైనా మార్చాలంటే ఐదుగురూ ఒప్పుకోవాలి. మొదటి విడత అయ్యాక ఒకసారి మళ్లీ చదువుకుందాం. మంగళవారం కాల్ లోపు అందరూ గ్రూపులో పూర్తి పేరు, రోల్ నంబరు, దాని పక్కన ‘ఒప్పుకున్నాను’ అని పెట్టండి. రాజోలూ, ‘ఆయ్’ అని పెడితే లెక్కలోకి రాదు.