పరీక్షించేవాడికి జీతం ఎవరిస్తున్నారు? ఆడిట్‌లో ప్రయోజనాల వైరుధ్యం, వృత్తి నియమావళి

ఆడిటర్ ఎవరి లెక్కలు తప్పో ఒప్పో తేల్చాలో, ఫీజు చెల్లించేది కూడా వాళ్లే. ఈ వృత్తిలోని చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. ఆడిట్ రిపోర్టును నమ్ముకునేది వాటాదారులు, అప్పిచ్చిన బ్యాంకులు, పెన్షన్ ఫండ్లు, రేపు ఆ కంపెనీ షేరు కొందామా అని ఆలోచిస్తున్నవాళ్లు. వాళ్లలో చాలామందికి ఆడిటర్ పేరు కూడా తెలియదు. కానీ ఏడాది పొడవునా ఆడిటర్ ఎదురుగా కూర్చునేది, ఫైళ్లు ఇచ్చేది, వచ్చే ఏడాది మళ్లీ ఈ ఫర్మ్‌నే పెట్టుకుందామా వద్దా అన్న మాటలో ఎంతోకొంత పలుకుబడి చూపేది ఆ కంపెనీ యాజమాన్యం. 1984లో అమెరికా సుప్రీంకోర్టు ఆర్థర్ యంగ్ అనే ఆడిట్ ఫర్మ్ కేసులో ఆడిటర్‌ది ప్రజల తరఫున కాపలా కాసే బాధ్యత అనీ, క్లయింటు పట్ల ఉన్న బాధ్యత కంటే అది పెద్దదనీ చెప్పింది. మాట బాగానే ఉంది గానీ ఆ కాపలాదారుడికి జీతం ప్రజలు ఇవ్వడం లేదు కదా.

ప్రయోజనాల వైరుధ్యం అనగానే చాలామంది లంచం అనుకుంటారు, లంచానికి దీనికి తేడా ఉంది. లంచం తీసుకున్నవాడికి తాను తప్పు చేస్తున్నానని తెలుసు. వైరుధ్యంలో ఇరుక్కున్న ఆడిటర్‌కి చాలాసార్లు ఆ సంగతే తెలియదు, అందుకే అది ఇంకా ప్రమాదం. ఆడిట్‌లో తేల్చాల్సినవి ఎక్కువగా అవునా కాదా అని ఒక్క ముక్కలో తేలేవి కావు: ఈ బాకీ వసూలవుతుందా, గోడౌన్‌లో పడి ఉన్న సరుకు ఇంకా ఈ ధర చేస్తుందా, ఈ అమ్మకాన్ని ఈ ఏడాది ఆదాయంగా చూపొచ్చా, ఇలాంటి అంచనాలే. అంచనాకి రెండు చివర్లు ఉంటాయి, యాజమాన్యం ఒక చివర పట్టుకుని లాగుతుంది. అవతలి వాళ్లతో మంచిగా ఉండటం మన అవసరం అయినప్పుడు, వాళ్ల వాదనలో న్యాయం ఉన్నట్టే కనిపిస్తుంది. ఒక్కోసారి ఒక్కో చిన్న రాజీ. ఏదీ నేరంలా అనిపించదు, నాలుగేళ్ల తర్వాత చూస్తే లెక్కలకీ నిజానికీ పొంతన ఉండదు.

అందుకే వృత్తి నియమావళి స్వతంత్రతను రెండు రకాలుగా అడుగుతుంది. ఒకటి మనసులో ఉండాల్సినది, ఎవరి ఒత్తిడికీ లొంగకుండా నిర్ణయం తీసుకోగలగడం. రెండోది బయటికి కనిపించాల్సినది, అంటే విషయం తెలిసిన, ఆలోచించగలిగిన మూడో మనిషి చూస్తే 'ఈ ఆడిటర్ నిష్పక్షపాతంగా ఉండగలడు' అని ఒప్పుకోవాలి. రెండోది ఎందుకు, మనసు శుభ్రంగా ఉంటే చాలదా అని కొందరు ఆడిటర్లు విసుక్కుంటారు. చాలదు. మనసులోకి తొంగి చూసే పరికరం ఎవరి దగ్గరా లేదు, ఆడిట్ రిపోర్టుకున్న విలువ అంతా బయటివాళ్లు నమ్మడంలోనే ఉంది. పైగా తన మనసు శుభ్రంగా ఉందో లేదో చెప్పడానికి ఆ మనిషే సాక్షి అంటే అసలు పరీక్షే లేనట్టు.

దీనికి లాభాలు పెంచి చూపి కుప్పకూలిన అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్ కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం, అందరూ చెప్పేదే అయినా చెప్పక తప్పదు. 2000 సంవత్సరంలో దాని ఆడిట్ ఫర్మ్ ఆర్థర్ ఆండర్సన్‌కి ఎన్రాన్ నుంచి ఆడిట్ ఫీజు దాదాపు 2.5 కోట్ల డాలర్లు వచ్చింది, ఆడిట్ కాని ఇతర పనులకు దాదాపు 2.7 కోట్ల డాలర్లు. అంటే తనిఖీ చేసినందుకు వచ్చేదానికంటే సలహాలిచ్చినందుకు వచ్చేది ఎక్కువ. ఎన్రాన్ అకౌంటింగ్ విభాగం పెద్ద కూడా ఒకప్పుడు ఆండర్సన్‌లో పనిచేసినవాడే. వీటన్నిటికంటే నాకు ముఖ్యంగా అనిపించేది కార్ల్ బాస్ విషయం. ఆయన ఆండర్సన్‌లోనే కష్టమైన అకౌంటింగ్ ప్రశ్నలు తేల్చే బృందంలో పార్ట్‌నర్, ఎన్రాన్ లావాదేవీల మీద అభ్యంతరాలు చెప్పాడు. ఎన్రాన్‌కి అది నచ్చలేదు. 2001లో ఆయన్ని ఎన్రాన్ పనుల నుంచి పక్కన పెట్టారు. అంటే ఆండర్సన్‌లో స్వతంత్రంగా ఆలోచించే మనిషి లేకపోలేదు, ఉన్నాడు, క్లయింటు వద్దంటే ఆయన్ని తప్పించే వీలు కూడా ఉంది. ఆ ఏడాది డిసెంబర్‌లో ఎన్రాన్ దివాలా తీసింది. ఎన్రాన్ ఆడిట్ పత్రాలు చించేసిన కేసులో 2002లో ఆండర్సన్‌ని దోషిగా తేల్చారు, ఆ తీర్పును 2005లో సుప్రీంకోర్టు కొట్టేసింది గానీ అప్పటికి ఫర్మ్ మిగల్లేదు.

ఇప్పుడు నియమావళి విషయానికి వస్తే, అకౌంటెంట్ల అంతర్జాతీయ నైతిక ప్రమాణాల బోర్డు, అంటే ఐఈఎస్‌బీఏ, ఇచ్చిన కోడ్ చాలా దేశాల నియమాలకు ఆధారం. స్వతంత్రతకు వచ్చే ముప్పులను అది అయిదు రకాలుగా చూస్తుంది. క్లయింటులో షేర్లు ఉండటం లాంటి స్వప్రయోజనం, తాను చేసిన పనిని తానే తనిఖీ చేసుకునే స్వీయ సమీక్ష, క్లయింటు తరఫున వకాల్తా పుచ్చుకోవడం, ఏళ్ల తరబడి పరిచయంతో వచ్చే చనువు, బెదిరింపు. కార్ల్ బాస్‌కి జరిగింది ఈ చివరి దాని కిందికి వస్తుంది. ముప్పును గుర్తించాలి, ఎంత పెద్దదో తూచాలి, తగ్గించాలి, తగ్గకపోతే ఆ పని వదిలేయాలి, ఇదీ కోడ్ చెప్పే పద్ధతి. వినడానికి సబబుగానే ఉంది, కానీ తూచేది ఎవరు? ఫీజు పోగొట్టుకోబోయే ఫర్మే. అందుకే నా అభిప్రాయంలో కోడ్‌లో నిజంగా పనిచేసేవి ఆలోచించుకుని నిర్ణయించుకోమని వదిలేసే భాగాలు కావు, ఇది చేయకూడదు అంతే అని గీత గీసే భాగాలు.

అలాంటి గీతలు ఎన్రాన్ తర్వాతే గట్టిపడ్డాయి. అమెరికాలో 2002లో వచ్చిన సర్బేన్స్-ఆక్స్‌లీ చట్టం లిస్టెడ్ కంపెనీల ఆడిటర్లు అదే క్లయింటుకి బుక్‌కీపింగ్, ఆర్థిక సమాచార వ్యవస్థల రూపకల్పన, విలువ కట్టడం, ఇంటర్నల్ ఆడిట్ లాంటి పనులు చేయడాన్ని నిషేధించింది. ఆడిటర్‌ని నియమించే, ఫీజు నిర్ణయించే బాధ్యతను యాజమాన్యం చేతిలోంచి తీసి డైరెక్టర్ల బోర్డులోని ఆడిట్ కమిటీకి ఇచ్చింది. ప్రధాన పార్ట్‌నర్ అయిదేళ్లకు మించి అదే క్లయింటు మీద ఉండకూడదంది. ఐఈఎస్‌బీఏ కోడ్‌లో, లిస్టెడ్ కంపెనీలు, బ్యాంకుల్లాంటి ప్రజాప్రయోజనం ముడిపడిన సంస్థల విషయంలో, ఇదే పరిమితి ఏడేళ్లు, తర్వాత ప్రధాన పార్ట్‌నర్ అయిదేళ్లు దూరంగా ఉండాలి. యూరోపియన్ యూనియన్ ఇంకో అడుగు ముందుకేసి 2014 నిబంధనల్లో పార్ట్‌నర్‌ని కాదు, ఫర్మ్‌నే మార్చమంది: మామూలుగా పదేళ్లు గరిష్ఠం, కొన్ని షరతులతో సభ్య దేశాలు పొడిగించుకోవచ్చు. ఆడిట్ కాని పనుల ఫీజు కూడా మూడేళ్ల సగటు ఆడిట్ ఫీజులో 70 శాతం దాటకూడదు.

ఫర్మ్‌ని మారిస్తే కొత్తవాళ్లకి వ్యాపారం అర్థమయ్యేలోపు తప్పులు జారిపోతాయని ఒక వాదన ఉంది. దాన్ని కొట్టిపారేయలేం, బ్యాంకుల్లాంటి చోట మొదటి ఏడాది ఆడిట్ నిజంగానే కష్టం. అయినా పార్ట్‌నర్ మారినంత మాత్రాన ఫర్మ్‌కి ఆ ఫీజు మీద ఉండే ఆశ మారదు కదా, వచ్చే కొత్త పార్ట్‌నర్ కూడా ఆ క్లయింటుని పోగొట్టిన మనిషిగా పేరు తెచ్చుకోవాలనుకోడు. పదేళ్లకు ఎలాగూ వేరే ఫర్మ్ వచ్చి ఈ ఫైళ్లన్నీ తిరగేస్తుందన్న భయం మాత్రం మనిషిని కాస్త జాగ్రత్తగా ఉంచుతుంది.

ఫీజు మీద ఆధారపడటం గురించి ఐఈఎస్‌బీఏ లెక్క కట్టి మరీ చెప్పింది. ప్రజాప్రయోజనం ముడిపడిన ఒక క్లయింటు నుంచి వచ్చే మొత్తం ఫీజు వరుసగా రెండేళ్లు ఫర్మ్ ఆదాయంలో 15 శాతం దాటితే, రిపోర్టు ఇచ్చే ముందే బయటి అకౌంటెంట్ చేత సమీక్ష చేయించాలి, అయిదేళ్లూ అలాగే సాగితే, ఏదో అరుదైన మినహాయింపు తప్ప, ఆ ఆడిట్ వదులుకోవాలి. అలాగే అలాంటి సంస్థలకు స్వీయ సమీక్షకు దారితీసే ఏ పనీ, మొత్తం చిన్నదా పెద్దదా అన్న చర్చ లేకుండా, ఇప్పుడు చేయకూడదు. 'అంత పెద్ద మొత్తం కాదులెండి' అనే తలుపు మూసేశారు. మంచి పని.

నియమాలు రాసినంత మాత్రాన సరిపోతుందా అంటే, 2022లో ఈవై అనే పెద్ద ఆడిట్ ఫర్మ్ మీద అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ 10 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. కారణం, అక్కడి ఉద్యోగులు లైసెన్సుకి అవసరమైన నైతికత పరీక్షలో కాపీ కొట్టడం, ఆ సంగతి విచారణలో ఫర్మ్ దాచిపెట్టడం. దీని మీద నేను వేరే వ్యాఖ్య చేయనక్కర్లేదు.

ఇక మా క్లాసులో అసైన్‌మెంట్‌గా ఇచ్చిన సందర్భం. ఒక లిస్టెడ్ తయారీ కంపెనీ ఆడిట్‌లో మేనేజర్‌గా ఉన్న అనిత, అమ్ముడుపోని పాత సరుకు విలువ తగ్గించాలని పట్టుబడుతోంది. అదే వారంలో ఆ కంపెనీ ఫైనాన్స్ డైరెక్టర్ 'మా దగ్గర కంట్రోలర్ పోస్టు ఖాళీ అవుతోంది, మీలాంటివాళ్లు కావాలి' అన్నాడు. ఆమె అవునూ అనలేదు, కాదూ అనలేదు, ఆలోచిస్తానంది. తప్పేమీ జరగలేదు కదా అని ఊరుకోవచ్చా?

కుదరదు. ఆడిట్ బృందంలో ఎవరైనా క్లయింటుతో ఉద్యోగం గురించి మాటలు మొదలుపెడితే వెంటనే ఫర్మ్‌కి చెప్పేలా పద్ధతులు ఉండాలని కోడ్ స్పష్టంగా అంటుంది. ఆలోచిస్తాను అన్న క్షణం నుంచే సరుకు విలువ మీద ఆమె చెప్పే ప్రతి మాటకీ రెండో అర్థం వచ్చేసింది. మెత్తబడితే ఉద్యోగం కోసం అంటారు. గట్టిగా నిలబడినా తన నిజాయితీ చూపించుకోవడానికే అంతలా పట్టుబట్టిందేమో అంటారు. కాబట్టి ఆమె అదే రోజు పార్ట్‌నర్‌కి రాతపూర్వకంగా చెప్పాలి, పార్ట్‌నర్ ఆమెను బృందం నుంచి తప్పించాలి, ఆ మాట జరిగిన తర్వాత ఆమె చేసిన పనినంతా, ముఖ్యంగా సరుకు విలువ కాగితాలను, ఈ క్లయింటుతో సంబంధం లేని మరొకరు మళ్లీ చూడాలి. ఇది ఆమెకు శిక్ష కాకూడదు, ఫర్మ్ ఆ మాట ఆమెకు నేరుగా చెప్పాలి కూడా, లేకపోతే రేపు ఇంకెవరూ నోరు విప్పరు.

క్లాసులో చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, అంతా అనిత చుట్టూనే తిరుగుతుంది. నాకు అసలు అనుమానం ఫైనాన్స్ డైరెక్టర్ మీద. వివాదం నడుస్తున్న వారంలోనే ఉద్యోగం మాట రావడం కాకతాళీయమే కావచ్చు, కానీ అది తేల్చాల్సింది ఆయనా కాదు, పార్ట్‌నరూ కాదు. ఈ సంగతి ఆడిట్ కమిటీ ముందు పెట్టాలి, తేదీలతో సహా: సరుకు విలువ మీద అభ్యంతరం ఎప్పుడు చెప్పారు, ఉద్యోగం మాట ఎప్పుడు వచ్చింది, ఆ మధ్యలో డైరెక్టర్ నుంచి ఏ మెయిళ్లు వచ్చాయి. పార్ట్‌నర్ దీన్ని క్లయింటుతో సంబంధాలు చెడతాయేమో అని డైరెక్టర్‌తో చాటుగా మాట్లాడి సర్దుబాటు చేసుకుంటే, అనిత వెళ్లిపోయిన బృందంలో ఇప్పుడు స్వతంత్రత పోగొట్టుకున్నది ఆ పార్ట్‌నరే.