మీ పాప చేతిలోని ఆ 27.4 గురించి

హనుమకొండ
ఏప్రిల్ 14

పాప వాళ్ల అమ్మగారికి, నాన్నగారికి నమస్కారం.

ఆదివారం జిమ్‌లో మెషిన్ ఇచ్చిన చీటీని పాప నాకు చూపించింది. బరువు 48 కిలోలు, కొవ్వు 27.4 శాతం. ఆ రోజు నుంచి రాత్రి అన్నం బంద్ అయిందని కూడా చెప్పింది. ఆ ఒక్క అంకెను పట్టుకుని 14 ఏళ్ల పిల్ల తిండి తగ్గించకూడదు. ఎందుకో వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ఆ మెషిన్ కొవ్వును నేరుగా కొలవదు. పాదాల కింది లోహపు పలకల నుంచి సన్నటి కరెంటు పంపి, ఒళ్లు దాన్ని ఎంత అడ్డుకుందో చూస్తుంది. నీళ్లున్న కండలోంచి కరెంటు సులువుగా పోతుంది, కొవ్వులోంచి అంత సులువుగా పోదు. ఆ అడ్డును బట్టి ఒంట్లో నీళ్లెన్నో అంచనా కడుతుంది, నీళ్లను బట్టి కొవ్వు కాని భాగం ఎంతో లెక్కేస్తుంది, బరువులోంచి అది తీసేయగా మిగిలిందాన్ని కొవ్వు అంటుంది. అంచనా మీద అంచనా అన్నమాట. పైగా కరెంటు ఒక కాల్లోంచి ఎక్కి నడుము దాకా వెళ్లి రెండో కాల్లోంచి దిగిపోతుంది. మీ పాప లాంటి స్విమ్మర్‌కు కండ ఎక్కువగా పెరిగేది భుజాల్లో, వీపులో. ఆ భాగాన్ని మెషిన్ దాదాపు చూడనే లేదు.

ఆ రోజు పరిస్థితి కూడా గుర్తుచేసుకోండి. గంటన్నర ప్రాక్టీస్ చేసి, తడి కాళ్లతోనే నేరుగా జిమ్‌కు వెళ్లింది. నీళ్లలో ఉన్నా చెమట పడుతుంది, కాకపోతే కనబడదు. ఒంట్లో నీళ్లు తగ్గితే కొవ్వు ఎక్కువగా కనిపిస్తుంది. ప్రాక్టీస్‌తో చర్మం వేడెక్కి రక్తం పైకి వస్తే తక్కువగా కనిపిస్తుంది. ఈ రెండూ ఎదురెదురుగా లాగుతుంటే ఆ రోజు ఏది గెలిచిందో చీటీలో ఉండదు. మెషిన్ ఎక్కే ముందే అర లీటరు నీళ్లు తాగానని కూడా చెప్పింది. బరువు అర కిలో పెరుగుతుంది, కానీ కడుపులోని ఆ నీళ్లు ఇంకా కరెంటు దారిలోకి రావు. మెషిన్ వాటిలో చాలా భాగాన్ని కొవ్వు కిందే రాసేస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైంది వయసు. పెద్దవాళ్లలో కొవ్వు కాని భాగంలో సుమారు 73 శాతం నీళ్లుంటాయని ఈ లెక్కలు మొదలవుతాయి. ఎదిగే పిల్లల్లో నీళ్ల పాలు కాస్త ఎక్కువ, ఎముకలు ఇంకా గట్టిపడుతూ ఉంటాయి. మీ చీటీతోనే చూద్దాం. 27.4 రావాలంటే మెషిన్ నీళ్లను దాదాపు 25.4 లీటర్లు అనుకుని ఉండాలి. దాన్ని 0.73తో భాగిస్తే కొవ్వు కాని బరువు 34.8 కిలోలు. పిల్లల్లో నీళ్లు 75 శాతం అనుకుని 0.75తో భాగిస్తే 33.9 కిలోలే, అప్పుడు కొవ్వు 29 శాతం దాటుతుంది. అంటే మెషిన్ ఎక్కువే చూపించిందని నేను అనడం లేదు. ఎటైనా తప్పొచ్చు. అటూ ఇటూ 4 పాయింట్లు తేడా అనుకున్నా 48 కిలోల పిల్లలో కొవ్వు 11 నుంచి 15 కిలోల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఇంత వెడల్పున్న చోట 27.4లో చుక్క తర్వాతి 4కు విలువ లేదు. ఈడొచ్చే వయసులో ఆడపిల్లకు కొవ్వు కొంత పెరగడం ఎదుగుదలలో భాగమే, దాన్ని ఆపాల్సిన పని లేదు.

తిండి తగ్గిన నష్టం మాత్రం అప్పుడే కనిపిస్తోంది. ఈ వారం 8 సార్లు 100 మీటర్ల సెట్‌లో చివరి రెండింటికి ఆరేసి సెకన్లు ఎక్కువ పట్టింది. ఇలాగే సాగితే నెలసరి తప్పొచ్చు, ఎముకలు బలహీనపడొచ్చు. వరుసగా మూడు నెలలు నెలసరి రాకపోతే నాకు చెప్పేదాకా ఆగకండి, డాక్టర్‌కు చూపించండి.

కొలత కావాలనే అనిపిస్తే పద్ధతిగా తీద్దాం. మోచేతికి పైన చేతి వెనక, పిక్క మీద చర్మపు మడతను మందం కొలిచే కాలిపర్‌తో పట్టి, ప్రతి చోటా మూడుసార్లు కొలిచి, మధ్య అంకె రాసుకోవాలి. కొలిచే మనిషి మారకూడదు. మనిషి మారితే ఒకటి రెండు మిల్లీమీటర్లు ఊరికే మారిపోతాయి. దాన్ని శాతంలోకి మార్చకుండా మిల్లీమీటర్లలోనే ఉంచి, మూడు నెలలకోసారి చూద్దాం. అంకె పాపకు వినిపించకుండా నేను మీకే చెబుతాను. నెలనెలా ఎత్తు, నిద్ర, టైమింగ్స్ రాసుకుంటే అంతకంటే ఎక్కువే తెలుస్తుంది.

ఈ రాత్రి నుంచే అన్నం, పప్పు, కోడిగుడ్డు మళ్లీ పెట్టండి. జొన్నరొట్టె ఇష్టమైతే అదీ సరే. పొద్దున ప్రాక్టీస్ అయిన అరగంటలో రెండు అరటిపండ్లు, ఒక గ్లాసు పాలు, లేదంటే పల్లీల పట్టీ తినాలి. ఇంట్లో ఆమె ముందు బరువు మాట ఎత్తొద్దు, ముఖ్యంగా చుట్టాల మధ్య.

శనివారం పొద్దున ఎనిమిదింటికి మీ ఇద్దరూ పూల్ దగ్గరికి రండి. గత ఆరు నెలల టైమింగ్స్ రిజిస్టర్ ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ పాప స్విమ్మింగ్ కోచ్