కనెక్ట్ అయింది, కానీ పేపరు తెరుచుకోలేదు

మా హాస్టల్ గేటు రాత్రి ఎనిమిదింటికి మూసేస్తారు. ఎనిమిదీ అయిదుకి వస్తే వాచ్‌మన్ తాతకి దణ్ణం పెట్టాలి, ఎనిమిదిన్నరకి వస్తే వార్డెన్ మేడంకి లెటర్ రాయాలి. అందుకే లైబ్రరీలో సగం చదివిన రీసెర్చ్ పేపరు మిగతా సగం ఎప్పుడూ హాస్టల్‌లోనే చదవాల్సి వచ్చేది. చిక్కు అక్కడే మొదలైంది.

నాది ఎమ్మెస్సీ మెరైన్ జియాలజీ. ప్రాజెక్టు ఆర్కే బీచ్ కోత మీద. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఇసుకని తీరం వెంట ఉత్తరం వైపు తోసుకుపోతాయి. దక్షిణాన ఔటర్ హార్బర్ గోడలు ఆ ఇసుకని ఆపేస్తాయి. ఇక కురుసుర జలాంతర్గామి ఉన్న వైపు బీచ్‌కి రావాల్సిన ఇసుక రాదు, ఉన్నది కొట్టుకుపోతుంది. దీని మీద మూడు పేపర్లు చదివి సోమవారం రివ్యూలో చెప్పాలి. గురువారం రాత్రి సైన్స్‌డైరెక్ట్ అనే జర్నల్ సైటు తెరిస్తే, పగలు లైబ్రరీలో హాయిగా చదివిన పేపరుకే ఇక్కడ ముప్పై డాలర్ల పైన కట్టమంది. ఆ డబ్బుతో మా మెస్‌లో చాలా రోజులు గడిచిపోతాయి.

కారణం తెలిసిందే. జర్నల్ సైట్లకి నా మొహం తెలీదు, యూనివర్సిటీ ఐపీ అడ్రసు మాత్రమే తెలుసు. క్యాంపస్ లోపలి నుంచి అడిగితే మనవాళ్లే అనుకుని తెరుస్తాయి. మా హాస్టల్ వైఫై కేబుల్ ఆపరేటర్‌ది కాబట్టి మేం బయటివాళ్లమే, క్యాంపస్ గోడ మా కిటికీకి ఎదురుగానే ఉన్నా సరే. వీపీఎన్ చేసేది ఏమిటంటే, నా లాప్‌టాప్ నుంచి క్యాంపస్ సర్వర్ దాకా ఒక సొరంగం వేసి, నా అభ్యర్థన అక్కడి నుంచి బయల్దేరినట్టు చూపిస్తుంది. అడ్మిషన్ అప్పుడే ఓపెన్‌వీపీఎన్ ఫైలు ఇచ్చారు. ఏడాదిగా వాడుతున్నాను కూడా.

ఆ రాత్రి మాత్రం యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టగానే మళ్లీ అదే బాక్సు. మళ్లీ కొట్టాను. మళ్లీ బాక్సు. పాస్‌వర్డ్ తప్పేమోనని ఒక్కో అక్షరం పలుకుతూ కొట్టాను. మా రూమ్మేట్ భవాని, పలాస పిల్ల, దుప్పట్లోంచి తల బయటపెట్టి, "ఏటే, పాస్‌వర్డ్ అలా గట్టిగా చదివేస్తున్నావు, వార్డెన్ మేడం కూడా లాగిన్ అయిపోతారు" అంది.

పది నిమిషాల తర్వాత బుద్ధొచ్చి, కింద గడియారం పక్కనున్న ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి View Log నొక్కాను. చివర్లో ఈ లైను ఉంది:

```
AUTH: Received control message: AUTH_FAILED
```

అంటే సర్వర్ దాకా చేరాను, అది నన్ను చూసింది, చూసి వద్దంది. నెట్ తప్పు కాదు. వారం కిందట పరీక్ష ఫీజు కట్టేటప్పుడు పోర్టల్ పాస్‌వర్డ్ గడువైపోయిందని కొత్తది పెట్టించుకుంది. మాకు పోర్టల్, వైఫై, వీపీఎన్ అన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్. క్లయింట్‌లో పాతది సేవ్ అయి ఉండి, బాక్సు రాకముందే అదే వెళ్తోంది. సేవ్ చేసినది తీసేసి కొత్తది కొట్టాను. అయినా AUTH_FAILED. పోర్టల్‌లో కొడితే "అకౌంట్ లాక్ అయింది, ముప్పై నిమిషాల తర్వాత ప్రయత్నించండి" అని వచ్చింది. అరగంట ఆగి కొట్టాను. లాక్. ఇంకో అరగంట. లాక్. రెండోసారి నేను ఏమీ ముట్టుకోకుండానే లాక్ అయింది, అది కదా టెన్షన్. ఎవరో నా అకౌంట్లోకి దూరుతున్నారని భయపడి, నిద్రపోకుండా పడుకున్నాను.

శుక్రవారం పొద్దున్నే కంప్యూటర్ సెంటర్‌కి వెళ్లాను. అక్కడి సార్ నా రోల్ నంబరు కొట్టి, స్క్రీను నా వైపు తిప్పారు. రాత్రంతా నిమిషానికోసారి తప్పుడు పాస్‌వర్డ్.

"వీపీఎన్ నుంచి వచ్చినవి పదో పన్నెండో ఉన్నాయమ్మా. మిగతావన్నీ వైఫై నుంచి. నీ ఫోన్లో క్యాంపస్ వైఫై సేవ్ అయి ఉందా?"

"ఉంది సార్. కానీ హాస్టల్లో అందదు కదా."

"ఒక్క గీత కూడా రాదా?"

వస్తుంది. గోడ అవతల డిపార్ట్‌మెంట్ బిల్డింగు నుంచి ఒక్క గీత మా కిటికీ దాకా వస్తుంది. దాంతో వాట్సాప్ మెసేజ్ కూడా పోదు. కానీ ఛార్జింగ్ పెట్టి కిటికీ అరుగు మీద వదిలేసిన నా ఫోను, ఆ ఒక్క గీతనీ పట్టుకుని పాత పాస్‌వర్డ్‌తో రాత్రంతా తలుపు కొడుతూనే ఉంది. అయిదు తప్పులకి లాక్, తెరిచాక మళ్లీ అయిదు. దొంగ నా దిండు పక్కనే ఉన్నాడు. ఫోన్లో ఆ నెట్‌వర్క్‌ని ఫర్గెట్ చేసి, సార్ లాక్ తీశాక కొత్త పాస్‌వర్డ్‌తో మళ్లీ చేరాను. ఒక్క దెబ్బకి లాగిన్ అయింది.

శుక్రవారం రాత్రి ఉత్సాహంగా కూర్చున్నాను. ఈసారి బాక్సు కూడా మళ్లీ రాలేదు, పసుపు రంగు ఐకాన్ అలాగే నిలబడిపోయింది. లాగ్‌లో:

```
TLS Error: TLS key negotiation failed to occur within 60 seconds (check your network connectivity)
```

నిన్నటిది "నిన్ను రానివ్వను", ఇవాళ్టిది అసలు జవాబే లేదు. ఇక్కడ పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా దండగే, ఎందుకంటే పాస్‌వర్డ్ అడిగేదాకా మాట వెళ్లనే లేదు. పై గదిలో రీసెర్చ్ చేసే అక్క దగ్గరికి లాప్‌టాప్ పట్టుకెళ్లాను. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "ఫోన్ హాట్‌స్పాట్ మీద చూశావా?" చూశాను, వెంటనే ఆకుపచ్చ. అయితే తప్పు హాస్టల్ వైఫైది. మా ఫైలు యూడీపీ 1194 పోర్టు వాడుతుంది. ఆ రోజు పగలే రూటర్ మార్చారు, కొత్తదాంట్లో ఆ పోర్టు మూసేసినట్టుంది. "సార్‌ని టీసీపీ 443 ఫైలు అడుగు. మామూలు వెబ్‌సైట్లు వెళ్లేది ఆ దారే, దాన్ని మూస్తే హాస్టల్లో రీల్స్ కూడా రావు, వార్డెన్ ఆఫీసు ముందు ధర్నా జరుగుతుంది" అంది అక్క.

అప్పటికి హాట్‌స్పాట్ ఉంది కదా అని పేపరు తెరిచాను. మళ్లీ ముప్పై డాలర్లు.

నిజం చెప్పాలంటే ఇక్కడ ఏడుపొచ్చింది. కనెక్ట్ అయింది, ఆకుపచ్చగా వెలుగుతోంది, అయినా బయటిదాన్నే. మొదట పాత కుకీల పని అనుకుని ఇన్‌కాగ్నిటోలో తెరిచాం. మారలేదు. అక్క కాసేపు ఆలోచించి, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ రెండూ కొట్టింది:

```
curl -4 ifconfig.me
curl -6 ifconfig.me
```

మొదటిదానికి యూనివర్సిటీ అడ్రసు వచ్చింది. రెండోదానికి కోలన్లతో పొడుగ్గా ఇంకేదో అడ్రసు, నా సిమ్ కంపెనీది. విషయం ఏమిటంటే, ఫోన్ డేటా ఐపీవీ4 తో పాటు ఐపీవీ6 కూడా ఇస్తుంది. మా వీపీఎన్ సొరంగంలోకి వెళ్లేది ఐపీవీ4 ఒక్కటే. ఐపీవీ6 ఉన్న సైటుకి బ్రౌజరు ముందు ఆ దారే పడుతుంది, అంటే సొరంగం పక్కనుంచి రోడ్డు మీద వెళ్లిపోతోంది. ముందు గుమ్మానికి తాళం వేసి పెరటి తలుపు తీసి ఉంచినట్టు. వైఫై అడాప్టర్ ప్రాపర్టీస్‌లో Internet Protocol Version 6 (TCP/IPv6) పక్కన టిక్ తీసేసి, వీపీఎన్ తెంచి మళ్లీ కలిపాం. రెండో కమాండ్ ఈసారి ఎర్రర్ ఇచ్చింది, మాకు కావాల్సిందీ అదే. పేజీ మళ్లీ తెరిస్తే పైన Brought to you by అని మా యూనివర్సిటీ పేరు. పీడీఎఫ్ దిగింది. టైము పన్నెండున్నర. భవానిని లేపి చూపించాను. "బాగుందే" అని అటు తిరిగి పడుకుంది.

శనివారం సార్ టీసీపీ ఫైలు ఇచ్చారు. కొంచెం నెమ్మదే, కానీ పీడీఎఫ్‌లకి చాలు, హాస్టల్ వైఫై మీదే పనిచేస్తోంది. అక్కడే ఉన్న లైబ్రేరియన్ సార్ రెండు మాటలు చెప్పారు. ఒకటి, చాలా సైట్లలో వీపీఎన్ లేకుండా కూడా వెళ్లచ్చట. సైటులో సంస్థ ద్వారా లాగిన్ అనేది నొక్కి, ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఇన్‌ఫెడ్ జాబితాలో మన యూనివర్సిటీని ఎంచుకుంటే, అది మన లాగిన్ పేజీకే తీసుకొస్తుంది. అక్కడ ఐపీ అడ్రసుతో పనే లేదు. 2025 జనవరి నుంచి నడుస్తున్న వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌తో 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు దేశంలోని ప్రభుత్వ విద్యాసంస్థలకి వచ్చాయి కదా, వాటిని హాస్టల్ నుంచి చదవడానికి ఇదీ ఒక దారి. ముందే ఈ సంగతి తెలిసి ఉంటే శుక్రవారం రాత్రయినా మిగిలేది. రెండోది, దొరికింది కదా అని సంచికలకి సంచికలు డౌన్‌లోడ్ చేస్తే ప్రచురణ సంస్థ క్యాంపస్ ఐపీనే బ్లాక్ చేస్తుందట. ఒకళ్ల అత్యాశకి యూనివర్సిటీ మొత్తానికి జర్నల్ ఆగిపోతుంది.

ఆదివారానికి నా పేరు హాస్టల్లో పాకిపోయింది. నా పాస్‌వర్డ్ ఇస్తే సరిపోతుంది కదా అని ఇద్దరు అడిగారు. ఇవ్వలేదు, కానీ వాళ్ల లాగ్ చూసిపెట్టాను. అందులో ఒక జూనియర్‌ది మాత్రం నేను ఎప్పుడూ చూడనిది:

```
VERIFY ERROR: depth=1, error=certificate is not yet valid
```

సర్టిఫికెట్ ఇంకా పుట్టలేదంటోంది. పుట్టకపోవడం ఏమిటి? కింద మూలన తేదీ చూస్తే 2018 జనవరి 1. వాళ్ల అన్నయ్య వాడి ఇచ్చిన పాత లాప్‌టాప్, లోపలి బటన్ బ్యాటరీ అయిపోయింది. ఛార్జింగ్ పూర్తిగా దిగి ఆగిపోయిన ప్రతిసారీ అది 2018కి వెళ్లిపోతోంది. 2021లో ఇచ్చిన సర్టిఫికెట్ దానికి భవిష్యత్తులో సంగతి. తేదీ సరిచేయగానే కనెక్ట్ అయింది.

"అక్కా, అందుకేనా బ్రౌజర్ కూడా రోజూ గడియారం వెనకబడిందని అంటోంది? నేను లాప్‌టాప్ స్లో అయిందని చెప్తోందేమో అనుకున్నా" అంది.

సాయంత్రం ఇద్దరం డాబాగార్డెన్స్ వెళ్లి సీఆర్2032 బ్యాటరీ కొన్నాం. వెనక మూత విప్పడం షాపతనే చేశాడు. ఎనిమిదికి పది నిమిషాలు ఉండగా గేటు దగ్గర దిగాం. రాత్రికి మూడో పేపరు మిగిలి ఉంది.